కాగితంలో రెండోసారి వచ్చిన మాట

కవరు విప్పి లోపల అరబీ అక్షరాలు కనబడగానే మా అమ్మీ ఆ కాగితాన్ని కళ్లకద్దుకుంది. మా వీధిలో ఎవరైనా అదే చేస్తారు. అరబీలో ఏది రాసి ఉన్నా కింద పడనివ్వం, కాలు తగలనివ్వం. ఖర్జూరం డబ్బా మీది అట్టను కూడా చించి పారేయకుండా అటక మీద దాచే ఇళ్లు మావి. చదవడం చిన్నప్పుడే అందరికీ నేర్పుతారు. అర్థం మాత్రం ఎవరూ నేర్పరు. అక్షరం గుర్తుపట్టి, గొంతు ఎక్కడ పలకాలో అక్కడ పలికించి, గడగడా చదవగలం. ఏం చదివామని అడిగితే చెప్పలేం.

కువైట్‌లో డ్రైవరుగా పనిచేస్తున్న మా బావ పంపిన కాగితం అది. అమ్మీ దాన్ని పట్టుకుని మసీదు కమిటీ పెద్ద దగ్గరికి వెళ్లింది. ఆయన్ని మేమందరం సదర్ సాబ్ అంటాం. ఆయనా మాలాగే చదవగలరు. మాలాగే అర్థం తెలియదు. కానీ ఆ కాగితంలో ఒక్క మాట మాత్రం అర్థం తెలియనివాళ్లకూ తెలుసు.

నేను మోటార్ రివైండింగ్ షాపు నుంచి వచ్చేసరికి ఇంటి అరుగు మీద చెప్పులు గుట్టగా ఉన్నాయి. లోపల అమ్మీ గోడకానుకుని కూర్చుని ఉంది. సదర్ సాబ్ కుర్చీలో కూర్చుని, కాగితం మీద వేలు పెట్టి చూపిస్తున్నారు.

"ఇదిగోనండి, పైన పెద్దక్షరాల్లో ఒక తలాక్. ఇక్కడ మధ్యలో ఒకటి. ఆ వరుస చివర చూడండి, మళ్లీ ఇంకొకటి. మూడూ ఇచ్చేశాడమ్మా. నేనేం చెయ్యను?"

మూడు అన్న మాటకు మా ఇళ్లలో ఏమిటర్థమో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ఒకసారి తలాక్ చెబితే మళ్లీ కలిసే దారి ఉంటుంది. మూడు చెబితే మా మతాచారంలో ఆ ఇద్దరూ కావాలనుకున్నా మళ్లీ నేరుగా నిఖా చేసుకోవడానికి వీల్లేదు. అందుకే ఆ గదిలో ఎవరూ బావను తిట్టడం లేదు, జరిగిపోయిన చావు దగ్గర కూర్చున్నట్టు కూర్చున్నారు.

మా ఆపా, అంటే అక్క, అప్పటికి స్కూల్లో ఉంది. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఊళ్లోని ఒక కాన్వెంటులో లెక్కలు చెప్పేది. బావకు ఆ ఉద్యోగం ఇష్టం లేదు. మానేసి తణుకులో తన తల్లి దగ్గర ఉండమని ఫోన్లో చెబుతూ వచ్చాడు. పదో తరగతి పరీక్షలయ్యేదాకా రానని ఆపా అంది. ఆ మాట మీద మొదలైన తగువు కాగితం దాకా వెళుతుందని మాలో ఎవరూ అనుకోలేదు.

"ఒకసారి నన్ను చూడనివ్వండి సాబ్" అన్నాను.

"చూడు నాయనా. నువ్వు మౌల్వీ సాబ్ దగ్గర గ్రామరు కూడా నేర్చుకుంటున్నావుగా."

చూశాను. టైపు చేసిన కాగితం. పైన శీర్షిక: ఇఖ్రారు తలాక్, అంటే తలాక్ ఇచ్చినట్టు ఒప్పుకోలు. కింద బావ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఆపా పేరు. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం. అందులో 'తల్లఖ్తు' అనే క్రియ, నేను తలాక్ ఇచ్చాను అని. వాక్యం చివర అదే మాట నామవాచకంగా, 'తలాఖన్'. శీర్షికను లెక్కలోంచి తీసేయొచ్చని వెంటనే తెలిసింది. పైన 'రశీదు' అని రాసి కింద 'ముట్టింది' అంటే రెండుసార్లు ముట్టినట్టు కాదుగా. క్రియ సంగతీ తెలుసు. చివరి మాట దగ్గరే ఆగిపోయాను. దాని పేరు నాకు తెలుసు, పని కూడా తెలుసు. కానీ మా ఆపా బతుకు మీద దాన్ని ఎప్పుడూ ప్రయోగించి చూడలేదు.

"ఇది మూడు కాదేమోనండి" అన్నాను.

"ఏమో అంటే కుదరదు బాబూ" అన్నారు సదర్ సాబ్. ఆయన గొంతులో కోపం లేదు. "ఏమో అన్న మాట మీద ఒక ఆడపిల్లని ఆ ఇంటికి ఎలా పంపుతాం? రేపు ఆ కాపురం హరామ్, నిషిద్ధం అని తేలితే ఎవరిది పూచీ?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. శుక్రవారం నమాజు తర్వాత అందరం కూర్చుందాం, ఈలోగా తెలుగులో రాసుకురా అన్నారు.

మౌల్వీ సాబ్ గోదావరి గట్టుకు దగ్గర్లో రెండు గదుల ఇంట్లో ఉండేవారు. పొరుగు రాష్ట్రంలో పెద్ద మదర్సాలో చదివి, ముప్పయ్యేళ్లు అరబీ వ్యాకరణం చెప్పి, చివరికి సొంత ఊరికి వచ్చారు. అప్పటికి ఏడాదిగా మేమిద్దరం ఒక చిన్న పుస్తకం తెలుగు చేస్తున్నాం. ఇంటి మర్యాదలు, పొరుగువాళ్లతో ఎలా ఉండాలి, అలాంటివి. ఆయన అరబీ చదివి అర్థం చెప్పేవారు, నేను తెలుగులో పెట్టేవాణ్ణి. డిప్లొమా చదువు పుణ్యమా అని నాకు ప్రతిదాన్నీ పట్టికలో పెట్టే అలవాటు. అరబీ వ్యాకరణం నాకు సర్క్యూట్ బొమ్మలా నచ్చింది. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో చెప్పగలం, ఏ తీగా ఊరికే వేలాడదు.

ఒక్క చోట మాత్రం తీగ వేలాడేది. అరబీలో క్రియ చెప్పి, అదే క్రియలోంచి పుట్టిన నామవాచకాన్ని దానికే కర్మగా తగిలిస్తారు. 'సబర సబ్రన్' అంటారు. ఓర్చాడు, ఓర్పును. 'జరబహూ జర్బన్' అంటారు. అతణ్ణి కొట్టాడు, కొట్టడాన్ని. మొదట్లో నేను ఏ మాటా వదలకూడదన్న పట్టుదలతో 'ఓర్పును ఓర్చెను' అని రాసుకెళ్లాను.

మౌల్వీ సాబ్ నవ్వారు. "ఏమయ్యా, మీ అమ్మ ఎప్పుడైనా నీతో ఓర్పును ఓర్చరా అందా?"

"మాట రెండుసార్లుంది కదా సాబ్. ఒకటి వదిలేస్తే లెక్క తప్పదా?"

"లెక్క మాటలది కాదు, పనులది. పని ఎన్నిసార్లు జరిగింది?"

"ఒకసారి."

"మరి రెండో మాట ఏం చేస్తోంది? పని నిజంగా జరిగిందని గట్టిగా చెప్తోంది. ఏదో మాటవరసకు అన్నాడేమో, కొట్టబోయి ఆగాడేమో అని నువ్వు అనుకోకుండా అడ్డం నిలబడుతోంది."

అప్పుడే నాచేత మూడు విభాగాలు రాయించారు. ఆ నామవాచకం ఒంటరిగా వస్తే పనిని గట్టి చేయడానికి. దాని వెనక విశేషణమో సంబంధ పదమో వస్తే పని ఎలాంటిదో చెప్పడానికి: 'గట్టి దెబ్బ', 'సింహం దూకినట్టు దూకడం'. ఒక్కసారి అని చెప్పే రూపమో, రెండు, మూడు అనే సంఖ్యో ఉంటే ఎన్నిసార్లో చెప్పడానికి. మూడింటికీ ఆకారం వేరు. చూపు ఉన్నవాడికి గందరగోళం లేదు అన్నారు.

బావ కాగితం తీసుకెళ్లిన సాయంత్రం దాన్ని ఆయన చాలాసేపు చూశారు. తర్వాత నాకే ఇచ్చారు.

"నువ్వు చెప్పు."

"మొదటి విభాగమేనండి. తలాఖన్ ఒంటరిగా ఉంది. విశేషణం లేదు, సంఖ్య లేదు. కాకపోతే తల్లఖ్తు అన్న క్రియకు అసలు రావాల్సిన నామం తత్లీఖన్ కదా?"

"కావచ్చు. దాని బదులు తలాక్ వస్తుంది. సల్లమ అనే క్రియకు సలామ్ రావడం లేదూ? అలాగే. బదులొచ్చినదీ అదే పని చేస్తుంది. తెలుగులో ఏం రాస్తావు?"

నేను దారిలోనే అనుకున్న వాక్యం చెప్పాను. "నా భార్యకు పూర్తిగా విడాకులిచ్చాను."

ఆయన కళ్లజోడు తీశారు. "పూర్తిగా అన్న మాట ఇందులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు."

చూపించలేకపోయాను.

"గట్టిగా చెప్పడం వేరు, గట్టి విడాకులు వేరు. పూర్తిగా అని రాశావంటే అది రెండో విభాగంలోకి పోయింది. ఎలాంటి విడాకులో నువ్వు చెప్పినట్టయింది. ఇక తిరుగులేనివి అని అర్థం తీస్తారు. అతను రాయని మాట నువ్వు రాసి మీ అక్క తలుపుకు గడియ పెడతావా?"

సాంకేతికంగా సరైన పట్టిక నా దగ్గరుంది. అయినా కలం పట్టగానే తెలుగులో నోటికి సులువుగా వచ్చే మాట రాయబోయాను. పుస్తకంలో అయితే అలాంటి మాట ఎవరికీ నష్టం చెయ్యదు. చివరికి 'నా భార్యకు విడాకులు ఇచ్చాను, ఇది నిజం' అని రాశాను. ఆ రెండో ముక్క బల్లచెక్కకు కొట్టిన మేకులా కనిపించింది. కానీ అందులో లెక్క లేదు, రకం లేదు. ఆయన తలూపారు.

శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చున్నారు. ఎండ మండిపోతోంది. ఆపా, అమ్మీ లోపలి గదిలో, పరదా వెనక. మౌల్వీ సాబ్ వాక్యం విడదీసి చెప్పారు. సదర్ సాబ్ ఓపికగా విన్నారు గానీ, ఆయన వేలు మాత్రం కాగితం మీద ఆ రెండు మాటల మధ్యే తిరుగుతోంది.

"మీరు చదువుకున్నవాళ్లు సాబ్, కాదనను. కానీ నా కళ్లకు రెండు కనబడుతున్నాయి. రెండు రాస్తే రెండు కాకుండా ఎలా పోతుందండీ?"

అప్పుడే ఫ్యాను ఆగింది.

"పోనే పోయింది!" అన్నారు సదర్ సాబ్ విసుగ్గా, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. "పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నా."

మౌల్వీ సాబ్ ఆయనవైపు తిరిగారు. "ఏం పోయిందండి?"

"కరెంటండి. ఇంకేంటి?"

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లేంటి సాబ్? ఇప్పుడేగా పోయింది. ఒక్కసారే."

"మరి మీరు 'పోనే' అన్నారు, 'పోయింది' అన్నారు. నా చెవులకు రెండు వినబడ్డాయి."

ఎవరో నవ్వారు. సదర్ సాబ్ నవ్వలేదు. తువ్వాలు ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత తనలో తను, పెదవులు కదుపుతూ, "పోనే పోయింది... రానే వచ్చాడు..." అనుకున్నారు. కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్లీ చదివారు. ఈసారి వేలు పెట్టలేదు.

"అట్లాగా ఇది?" అన్నారు.

"అచ్చం అట్లాగే కాదు" అన్నారు మౌల్వీ సాబ్. "మీ మాటలో 'అనుకున్నట్టే' అన్న ధ్వని కూడా ఉంది, దీంట్లో అది లేదు. కానీ లెక్క విషయంలో ఇంతే."

పరదా వెనక అమ్మీ ఏడుపు వినిపించింది. ఈసారి సంతోషంతో. నేను కూడా లేచి నిలబడ్డాను. మౌల్వీ సాబ్ చెయ్యెత్తి ఆపారు.

"అప్పుడే లేవకండి. ఒకటి మిగిలి ఉంది. ఇది ఉత్త క్రియతో ఆగి ఉంటే నేనింతటితో వెళ్లిపోయేవాణ్ణి. కానీ ఆ నామం ఉంది చూశారూ, అది జాతి మొత్తానికీ పేరు. తలాక్ అంటే ఒకటీ తలాకే, మూడూ తలాకే. మా ఫిఖ్‌లో, అంటే మనం పాటించే ధర్మశాస్త్రంలో, ఇలా రాసినవాడు ఏమీ అనుకోకపోతే ఒకటి. ఒకటో రెండో అనుకున్నా ఒకటే. మూడూ అని మనసులో పెట్టుకుని రాస్తే మాత్రం మూడు. కాగితం ఇంతవరకే చెప్పగలదు. మిగతాది అతనే చెప్పాలి."

గది మళ్లీ పాత గదిలా అయింది. వ్యాకరణం దగ్గర అంతా తేలిపోతుందనుకున్నాను. అది మమ్మల్ని తలుపు దాకా తీసుకొచ్చి, తాళం కువైట్‌లో ఉన్న మనిషి చేతిలో ఉందని చెప్పింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆపా నన్ను అడిగింది. "ఏరా, నువ్వు రాసిన తెలుగు అందరూ విన్నారు. నాకు ఎవరూ చదివి వినిపించలేదు."

నిజమే. అమ్మీ చూసింది, సదర్ సాబ్ చూశారు, నేను, మౌల్వీ సాబ్, వచ్చినవాళ్లందరూ చూశారు. కాగితం ఎవరి గురించో ఆమె చేతికి మాత్రం వెళ్లలేదు. చదివి వినిపించాను.

"ఇది నిజం, అని రాశాడా?"

"రాశాడని కాదు ఆపా. అక్కడ ఆ నామం చేసే పని అది."

"ఆ నామం ఆయనే పెట్టాడా?"

నాకు తట్టని ప్రశ్న. బావకు అంత అరబీ రాదు. బండి తోలడానికి కావలసిన నాలుగు మాటలొచ్చు, అంతే.

"ఒకటే అయితే ఏమవుతుంది?" అంది ఆపా.

మౌల్వీ సాబ్ చెప్పినట్టే చెప్పాను. ఇద్దత్ అనే గడువు, అంటే మూడు నెలసరులు, అయ్యేలోపు బావ 'వెనక్కి తీసుకున్నాను' అంటే చాలు, పెళ్లి ఉన్నట్టే. గడువు దాటనిస్తే బంధం తెగుతుంది. కానీ ఇద్దరూ ఒప్పుకుంటే కొత్త నిఖాతో మళ్లీ కలవొచ్చు.

"గడువులోపు అయితే నన్ను అడగక్కర్లేదా?"

"అక్కర్లేదు."

ఆపా కంచంలో అన్నం కలుపుతూ ఉండిపోయింది. లెక్కల టీచరు చాకులాంటి మొహం. "గడువు దాటాక కొత్త నిఖా. ఎవరైనా నన్ను ఏమైనా అడిగే చోటు ఈ మొత్తంలో అదొక్కటేనన్నమాట" అంది.

అమ్మీ విసుక్కుంది. "ఇప్పుడీ మాటలెందుకే? ముందు అతని నోట ఒకటే అని రానీ."

మర్నాడు అమ్మీ, ఆపా, నేను ఐఎస్‌డీ బూత్‌కు వెళ్లాం. మౌల్వీ సాబ్ కూడా వచ్చారు. గాజు తలుపు వెనక ఒకరికే చోటు. అందుకని తలుపు తెరిచే పెట్టి, బయట నిలబడ్డాం. మౌల్వీ సాబే మాట్లాడారు. మేము ఆయన మాటలే విన్నాం.

"కాగితం ఎవరు రాశారు నాయనా?... టైపిస్టా. ఏం చెప్పావు అతనికి?... హిందీలోనా. ఏమని?... ఒక్కసారే చెప్పావా?... ఆ తర్వాత అతనేమన్నా అడిగాడా, ఎన్నని?... లేదా. నీ మనసులో ఎన్ననుకున్నావు? ఆలోచించి చెప్పు. ఇక్కడ అబద్ధం చెబితే నాతో కాదు చెప్పేది."

బూత్ యజమాని మీటరు వైపు చూశాడు.

"సరే" అన్నారు చివరికి. మావైపు తిరిగి, రిసీవరు మీద చెయ్యి పెట్టి చెప్పారు. "లెక్కేమీ అనుకోలేదట. కోపంలో వెళ్లి, భార్యకు తలాక్ రాయమన్నాడట. మిగతా అరబీ అంతా ఆఫీసుల ముందు కూర్చునే టైపిస్టు వాడుక. వాళ్లు ఏ ఒప్పుకోలు రాసినా అలాగే రాస్తారు. ఒకటే."

అమ్మీ నా భుజం పట్టుకుంది. "అడగండి సాబ్, వెనక్కి తీసుకుంటాడేమో అడగండి. తీసుకుంటాడు, నా అల్లుడు మంచోడే."

మౌల్వీ సాబ్ ఇంకా ఏమీ అడగకముందే ఆపా లోపలికి వెళ్లి చెయ్యి చాపింది. ఆయన ఒక్క క్షణం ఆమె మొహం చూసి రిసీవరు ఇచ్చి బయటికి వచ్చేశారు. ఆపా తలుపు వేసుకోలేదు.

"నేనండి... విన్నాను. ఒకటేనట... ఆగండి, ఆ మాట అనకండి. అనేస్తే నేను మళ్లీ మీ భార్యనే, నాకు తెలుసు. అందుకే అనొద్దంటున్నాను... ఏడవకండి. అది రాయించేటప్పుడు నన్ను అడగలేదు. తీసేసేటప్పుడైనా అడగండి. గడువు వెళ్లిపోనివ్వండి. తర్వాత సెలవు మీద వచ్చి, అందరి ముందు, నన్ను అడగండి... లేదు, ఇప్పుడు చెప్పలేను. అడిగినప్పుడు చెప్తాను."

బావకు కావాలంటే ఆ క్షణంలోనే ఆ మాట అనేయగలడు. మేమందరం చూస్తున్నది ఆపా మొహాన్నే. ఆమె వింటోంది, ఇంకా వింటోంది. తర్వాత "సరే" అంది. రిసీవరు పెట్టేసింది. అతను అనలేదు.

ఇంటికి నడుస్తూ అమ్మీ ఆపాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాతో మాత్రం అంది. "మూడైతే నా కూతురి ఖర్మ అని ఏడ్చుకునేదాన్ని. ఒకటని నువ్వు తేల్చావు. ఇప్పుడు ఎవరి మీద ఏడవమంటావురా?"

గడువు గడిచింది. బావ మరుసటి వేసవిలో సెలవు మీద వచ్చాడు. అదే గదిలో సదర్ సాబ్, మౌల్వీ సాబ్, తణుకు నుంచి అతని తల్లి కూర్చున్నారు. బావ బాగా చిక్కిపోయాడు. నిఖా కోసమని కొత్త చొక్కా వేసుకొచ్చాడు. మౌల్వీ సాబ్ ముందే చెప్పారు, తర్వాత చేసేదేదైనా ముందు అడగాలి అని. బావ పరదావైపు చూసి, గొంతు సవరించుకుని, మళ్లీ పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు.

అరుగు మీది చెప్పుల దగ్గర ఎవరో దగ్గారు.

"ఉద్యోగం మానమంటారా?" అని ఆపా గొంతు.

బావ తల్లివైపు చూశాడు. ఆ చూపు మేమందరం చూశాం. పరదాలోంచి ఆపాకు కనబడి ఉండదు. అతను జవాబు చెప్పడానికి పట్టిన సమయం మాత్రం వినిపించి ఉంటుంది.

"అది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు.

"అయితే వద్దండి" అంది ఆపా.

అంతే. అరవలేదు, వివరణ ఇవ్వలేదు. సదర్ సాబ్ లేచి బావ భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్లారు. అమ్మీ వంటింట్లోకి వెళ్లి, వండిన బిర్యానీ మూత తియ్యకుండానే పొయ్యి ఆర్పింది. ఆ తర్వాత చాలా రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆపాతో అయితే అది కూడా లేదు.

మౌల్వీ సాబ్‌తో మళ్లీ పుస్తకం పనిలో కూర్చున్నప్పుడు అడిగాను, మనం చేసింది మంచేనా అని. ఆయన తర్వాతి పేజీ తీశారు. అందులో క్రియ వెనకే దాని నామం ఒంటరిగా నిలబడి ఉంది. నేను 'పూర్తిగా' అని రాయబోయి ఆగి, ఆయనవైపు చూశాను. ఆయన వేలు పెట్టి చూపించమన్నట్టు కాగితం నావైపు జరిపారు.